ఖర్చు పెట్టిన రోజు నుంచే లెక్క

చిత్తూరు జిల్లాలో మామిడి గుజ్జు ఫ్యాక్టరీ అనగానే గేటు ముందు బారులు తీరిన తోతాపురి లారీలు, ట్రాక్టర్లు గుర్తొస్తాయి. ఆ లారీ గేటు దాకా రావడానికి ముందు ఫ్యాక్టరీ మనిషి ఒకడు దామలచెరువు మార్కెట్‌కో, బంగారుపాళ్యం యార్డుకో పోయి ఉంటాడు. కాయ చూస్తాడు, ధర కనుక్కుంటాడు, రైతుతో మాట్లాడతాడు. బండిలో పెట్రోలు పోయించుకుంటాడు, మధ్యాహ్నం ఎక్కడో ఒక చోట భోంచేస్తాడు, చీకటి పడితే చిన్న లాడ్జిలో పడుకుంటాడు. ఇదంతా కంపెనీ పనే. డబ్బు మాత్రం ముందు అతని జేబులోంచి పోతుంది. తర్వాత బిల్లు పెట్టుకుంటే కంపెనీ తిరిగి ఇవ్వాలి.

ఇవాళ నేను మాట్లాడబోయేది ఆ తిరిగి ఇవ్వాల్సిన డబ్బు గురించి. అకౌంట్స్ వాళ్ళు నెలాఖరున ఒక పట్టిక తీస్తారు. సిబ్బంది పెట్టిన ఖర్చుల బిల్లుల్లో ఇంకా చెల్లించనివి ఎన్ని, ఎంత మొత్తం, ఎన్నాళ్ళ నుంచి ఆగి ఉన్నాయి అని చూపించే పట్టిక అది. దాన్ని ఏజింగ్ రిపోర్టు అంటారు. 0 నుంచి 30 రోజులవి ఒక గడిలో, 31 నుంచి 60 వరకు ఇంకో గడిలో, 61 నుంచి 90 మరో గడిలో, 90 దాటినవన్నీ చివరి గడిలో వేస్తారు. చూడటానికి చాలా తేలికైన పని. కానీ ఈ పట్టిక నిజం చెప్పేదీ అబద్ధం చెప్పేదీ ఒకే ఒక్క విషయం మీద ఆధారపడి ఉంటుంది. రోజులు ఎప్పటి నుంచి లెక్కపెడుతున్నాం అన్నదే ఆ విషయం.

ఒక బిల్లు తీసుకుని చూద్దాం. కంపెనీ పేరు, మనిషి పేరు వద్దు, ఇది మన మాటల కోసం అల్లుకున్న లెక్క. కొనుగోళ్ళ విభాగంలో ఒక అసిస్టెంటు మే 2 నుంచి 8 దాకా మార్కెట్లు తిరిగాడు. మొత్తం ఖర్చు 14,350 రూపాయలు. టూరు ముగిసింది మే 8న. అతను కాగితాలన్నీ సర్దుకుని బిల్లు రాసి మేనేజరుకు ఇచ్చింది మే 20న. మేనేజరుకు అది సీజను. ఉదయం ఆరుకు ఫ్యాక్టరీకి పోతే రాత్రి పదికి గానీ బయట పడడు. బిల్లు మీద సంతకం పడేసరికి జూన్ 24 అయింది. రెండు రోజులు ఆయన టేబుల్ మీదే ఉండి జూన్ 26న అకౌంట్స్‌కు చేరింది. అకౌంట్స్ గుమాస్తా జులై 4న దాన్ని వెనక్కి పంపాడు. 640 రూపాయల పెట్రోలు చీటీ ఒకటి లేదట. మనవాడు బంకు చుట్టూ తిరిగి ఏదో ఒక రసీదు తెచ్చి జులై 18న మళ్ళీ ఇచ్చాడు. జులై 31న రిపోర్టు తీసేనాటికి ఆ బిల్లు ఇంకా చెల్లించలేదు.

ఇప్పుడు ఈ బిల్లు వయసెంత? అకౌంట్స్ గుమాస్తాను అడిగితే 13 రోజులంటాడు. ఆయన కంప్యూటర్లో బిల్లు చేరిన తేదీ జులై 18 మరి. ఆయన అబద్ధం చెప్పడం లేదు. ఆయన రిపోర్టులో ఇది 0 నుంచి 30 గడిలో, ఏ దిగులూ లేని చోట కూర్చుంటుంది. ఖర్చు పెట్టిన మనిషిని అడిగితే 84 రోజులంటాడు. మే 8 నుంచి జులై 31 దాకా వేళ్ళ మీద లెక్కేసుకున్నా అంతే వస్తుంది. అతని లెక్కన ఇది 61 నుంచి 90 గడిలో ఉండాలి.

నేను ఆ అసిస్టెంటు పక్షమే. వయసు లెక్క టూరు ముగిసిన రోజు నుంచే మొదలవ్వాలి. డబ్బు ఆ రోజుకే ఆ మనిషి చేతిలోంచి పోయింది. కొందరు మేనేజర్లు దీనికి ఒప్పుకోరు. "వాడు పన్నెండు రోజులు బిల్లే రాయలేదు కదా, అది కూడా మా లెక్కలో వేస్తారా?" అంటారు. న్యాయమైన మాటే. ఆ పన్నెండు రోజులూ ఎవరివో రిపోర్టులోనే చూపిస్తే ఆ మాటకు జవాబు దొరుకుతుంది. వయసు ఒకటే ఉండాలి. దాని పక్కన ఆ వయసు ఎవరి దగ్గర ఎంత గడిచిందో ఇంకో వరస ఉండాలి.

మన బిల్లులో ఆ వరస ఇలా వస్తుంది. మొదట రాయడానికి 12 రోజులు, తర్వాత చీటీ కోసం తిరిగిన 14 రోజులు కలిపి అసిస్టెంటు దగ్గర 26 రోజులు. సంతకానికి, ఆ తర్వాత టేబుల్ మీద ఉన్నందుకు కలిపి మేనేజరు దగ్గర 37 రోజులు. రెండు విడతలుగా అకౌంట్స్‌లో 21 రోజులు. మొత్తం 84. ఈ మూడు అంకెలు పక్కపక్కన పెట్టాక ఇంక ఎవరి మీద ఎవరూ చాడీలు చెప్పుకోనక్కర్లేదు.

ఇక్కడ ఒక మెలిక ఉంది, చాలా ఆఫీసుల్లో దీని దగ్గరే రిపోర్టు చెడిపోతుంది. బిల్లు వెనక్కి పంపి, మళ్ళీ తీసుకున్నప్పుడు కొత్త నంబరు ఇస్తారు. కొత్త నంబరుతో కొత్త తేదీ వస్తుంది. పాత బిల్లు "తిరస్కరణ" కింద రిపోర్టులోంచి మాయమవుతుంది. అంటే ముసలి బిల్లును ఒకసారి వెనక్కి పంపితే చాలు, అది మళ్ళీ పసిబిడ్డ అయిపోతుంది. నెలాఖరు దగ్గర పడ్డప్పుడు వెనక్కి పోయే బిల్లులు ఎక్కువైతే, అందులోనూ 60 రోజులు దాటబోతున్నవే ఎక్కువగా పోతుంటే, ఎవరో రిపోర్టును అందంగా చేస్తున్నారని అనుమానించాలి. దీనికి మందు సులువే. బిల్లు ఎన్నిసార్లు తిరిగినా నంబరు మారకూడదు, టూరు ముగిసిన తేదీ అసలే మారకూడదు.

అసలు 640 రూపాయల చీటీ కోసం 14,350 రూపాయల బిల్లు మొత్తాన్ని వెనక్కి పంపడమే తప్పు. ఆ 640 పక్కన పెట్టి 13,710 రూపాయలు అప్పుడే చెల్లించేయొచ్చు. చీటీ వస్తే మిగతాది ఇస్తారు, రాకపోతే ఇవ్వరు. అలా చేస్తే రిపోర్టులో మిగిలేది 640 రూపాయలే.

ఈ 84 రోజులూ ఆ మనిషి ఏం చేశాడో కూడా చూడాలి. నెల జీతం మీద బతికే మనిషికి 14,350 రూపాయలు ఊరికే ఉండవు. చేబదులు తీసుకుని ఉంటాడు. మన వైపు వాడుకలో ఉన్న నూటికి రెండు రూపాయల వడ్డీ వేసుకుంటే నెలకు 287 రూపాయలు. 84 రోజులకు దాదాపు 800. దామలచెరువులో పోయించిన పెట్రోలుకు కంపెనీ ఇచ్చేది పెట్రోలు ధరే, ఆ వడ్డీ ఎక్కడా ఏ ఓచరులోనూ రాయడానికి గడి ఉండదు.

ఇప్పుడు కంపెనీ మొత్తం పట్టిక చూద్దాం. జులై 31న చెల్లించాల్సిన బిల్లులన్నీ కలిపి 4,86,000 రూపాయలు అనుకుందాం. అకౌంట్స్‌కు బిల్లు చివరిసారి చేరిన తేదీ నుంచి లెక్కేస్తే అందులో 3,90,000 మొదటి గడిలో, మిగతా 96,000 రెండో గడిలో వస్తాయి. మూడో గడి, నాలుగో గడి ఖాళీ. యజమాని చూసి సంతోషపడతాడు. అదే 4,86,000ను టూరు ముగిసిన తేదీ నుంచి లెక్కేస్తే మొదటి గడిలో 2,10,000, రెండో గడిలో 1,32,000, మూడో గడిలో 84,000, 90 రోజులు దాటినవి 60,000. ఒక్క రూపాయి కూడా తేడా లేదు. ఈ రెండో పట్టికలోని 84,000 ఎవరి దగ్గర ఆగిందని వరస చూస్తే ఎక్కువ భాగం సంతకానికే ఆగినట్టు తేలుతుంది. మే, జూన్ నెలల్లో సంతకం పెట్టాల్సిన మనిషి కాయ దింపించడంలో ఉన్నాడు కాబట్టి. ఇది సోమరితనం కాదు, రిమైండర్లతో తీరేది కాదు. సీజను మూడు నెలలూ ఒక మొత్తం దాకా సంతకం చేసే అధికారం ఇంకొకరికి ఇస్తే తీరుతుంది.

ఎక్సెల్‌లో ఈ పట్టిక చేసేవాళ్ళకు ఒక మాట. వయసు లెక్కకు చాలామంది `TODAY()` వాడతారు. ఆ ఫైలును జులై 31న తీసి దాచి, ఆగస్టు 10న మళ్ళీ తెరిస్తే ప్రతి బిల్లూ పది రోజులు పెద్దదై కనిపిస్తుంది. జులై రిపోర్టు అని మీరు చూపించేది జులైది కాకుండా పోతుంది. రిపోర్టు తేదీని ఒక గడిలో చేత్తో టైపు చేసి, లెక్కంతా ఆ గడి మీద నడపాలి. ఇంకోటి, గడుల సరిహద్దులు. 0 నుంచి 30, 30 నుంచి 60 అని పెడితే 30వ రోజు బిల్లు రెండు గడుల్లోనూ పడుతుంది, లేదా ఎక్కడా పడదు. గడుల మొత్తం కలిపి అసలు మొత్తంతో సరిపోతోందా అని కింద ఒక వరస పెట్టుకుంటే అప్పటికప్పుడు తెలుస్తుంది.

ఇంకో పెద్ద పొరపాటు అడ్వాన్సులది. కొందరు టూరుకు పోయే ముందే డబ్బు తీసుకుంటారు. వాళ్ళు తిరిగొచ్చి లెక్క చెప్పాలి. ఒకతను 20,000 అడ్వాన్సు తీసుకుని చెన్నై పోయి 17,200 ఖర్చు పెట్టాడంటే 2,800 వాపసు కట్టాలి. ఇక్కడ బాకీ కంపెనీది కాదు, మనిషిది. కొందరు అకౌంటెంట్లు ఈ రెండింటినీ ఒకే పట్టికలో వేసి తీసివేస్తారు. కంపెనీ సిబ్బందికి ఇవ్వాల్సింది 4,86,000, సిబ్బంది దగ్గర లెక్క తేలని అడ్వాన్సులు 3,00,000 ఉంటే, పట్టిక 1,86,000 అని చూపిస్తుంది. ఎంత చిన్న మొత్తమో అనిపిస్తుంది. కానీ అడ్వాన్సు తీసుకున్నవాళ్ళు ఒకరు, జేబులోంచి పెట్టినవాళ్ళు ఇంకొకరు. ఒకరి బాకీతో ఇంకొకరి బాకీ ఎలా తీరుతుంది? ఒకే మనిషికి రెండూ ఉంటే తప్ప తీసివేత పెట్టకూడదు. రెండు పట్టికలు వేరుగా ఉండాలి.

ప్రభుత్వంలో ఈ తేడా చాలా కాలంగా నియమాల్లోనే ఉంది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి టూరు అడ్వాన్సు తీసుకుంటే, తిరిగొచ్చిన 15 రోజుల్లో లెక్క చెప్పాలి. జేబులోంచి పెట్టి టి.ఎ. బిల్లు పెట్టుకునేవాళ్ళకు ఒకప్పుడు ఏడాది గడువు ఉండేది, 2018 మార్చిలో దాన్ని టూరు ముగిసిన నాటి నుంచి 60 రోజులకు కుదించారు. గమనించండి, గడువు మొదలయ్యేది టూరు ముగిసిన నాటి నుంచే. రాష్ట్ర ఆఫీసుల్లో పనిచేసినవాళ్ళకు ఏ.సి. బిల్లు, డి.సి. బిల్లు అన్న మాటలు తెలిసే ఉంటాయి. ముందు ఏ.సి. బిల్లు మీద మొత్తంగా డబ్బు తీసుకుంటారు, తర్వాత వివరాలతో డి.సి. బిల్లు పెట్టాలి. పెట్టకపోతే అవి పేరుకుపోతాయి. కాగ్ రాష్ట్రాల ఆర్థిక నివేదికల్లో ఇలా డి.సి. బిల్లులు రాని ఏ.సి. బిల్లులు ఏ సంవత్సరానివి ఎన్ని ఉన్నాయో పట్టిక వేసి మరీ చూపిస్తుంటుంది. అది కూడా ఏజింగ్ రిపోర్టే, గడులు రోజుల్లో కాకుండా ఏళ్ళలో ఉంటాయి, అంతే.

ఇంతవరకు చెప్పింది అకౌంట్స్ దాకా, కనీసం మేనేజరు దాకా వచ్చిన బిల్లుల సంగతి. అసలు రాయని బిల్లులు ఏ పట్టికలోనూ ఉండవు. అసిస్టెంటు మొదటి పన్నెండు రోజులూ కాగితాలు బండి పెట్టెలో పెట్టుకుని తిరిగాడు చూశారా, ఆ పన్నెండు రోజులూ రిపోర్టుకు అతను కనిపించలేదు. వీటిని పట్టుకోవడానికి బిల్లుల ఫైలు పనికిరాదు. టూరుకు అనుమతి ఇచ్చిన జాబితా తీసుకోవాలి. ప్రభుత్వ ఆఫీసుల్లో అయితే టూర్ డైరీ ఉంటుంది. పోయినవాళ్ళ పేర్లు ఒకవైపు, బిల్లు పెట్టినవాళ్ళ పేర్లు ఇంకోవైపు పెట్టి చూస్తే మిగిలేవాళ్ళు తేలిపోతారు. మార్చి 31న ఇది ఇంకా ముఖ్యం. బిల్లు ఏప్రిల్‌లో వచ్చినా మార్చిలో పెట్టిన ఖర్చు ఆ సంవత్సరానిదే. కాబట్టి అంచనా వేసి ప్రొవిజన్ పెట్టుకోవాలి, ఏప్రిల్ 1న ఆ ఎంట్రీని తిప్పేయాలి. తిప్పడం మరచిపోతే బిల్లు వచ్చినప్పుడు అదే ఖర్చు రెండోసారి పుస్తకాల్లోకి ఎక్కుతుంది.

ఇక రిమైండర్ల సంగతి. నేను చూసిన రిమైండర్లలో చాలావరకు ఇలా ఉంటాయి: "పెండింగ్ బిల్లులున్న ఉద్యోగులందరూ వెంటనే క్లియర్ చేసుకోవలెను." ఇది ఆఫీసు వాట్సాప్ గ్రూపులో పడుతుంది. ఎవరూ చదవరు. చదివినా అందులో తన పేరు ఉందో లేదో ఎవరికీ తెలియదు. పైగా మన అసిస్టెంటు లాంటివాడు చదివితే ఒళ్ళు మండుతుంది. తన బిల్లు మేనేజరు టేబుల్ మీద ఉంటే తనను క్లియర్ చేసుకోమంటే ఎలా?

రిమైండరు వెళ్ళాల్సింది బిల్లు పెట్టినవాడికి కాదు, ఆ రోజుకు బిల్లు ఎవరి దగ్గర ఉందో వాళ్ళకు. మన బిల్లు విషయంలో జూన్ మొదట్లో మేనేజరుకు వెళ్ళాల్సిన మాట ఇది:

"సార్, మీ సంతకానికి ఒక బిల్లు ఉంది. మే 2 నుంచి 8 దాకా దామలచెరువు, బంగారుపాళ్యం టూరు, 14,350 రూపాయలు. మే 20 నుంచి మీ దగ్గర ఉంది. సంతకం పెట్టండి, ఏదైనా అనుమానముంటే ఒక మాట రాసి వెనక్కి పంపండి."

ఏ టూరు, ఎంత, ఎప్పటి నుంచి, ఏం చేయాలి. ఇంతకంటే అక్కర్లేదు. ఒకే మనిషి దగ్గర ఐదు బిల్లులు ఉంటే ఐదు మెసేజీలు కాకుండా ఒకే మెసేజీలో ఐదూ రాయాలి. వారానికి ఒకసారి, సోమవారం ఉదయం పంపితే మిగతా వారంలో పని జరిగే వీలుంటుంది. రెండు వారాలు కదలకపోతే ఆయన పైవాళ్ళకు కూడా అదే మాట వెళ్తుంది. నెల దాటితే మెసేజీ పని చేయదు, ఫోను ఎత్తాలి.

పంపే ముందు ఆ ఉదయమే జాబితాను తాజాగా తీయాలి. శనివారం డబ్బు పడ్డ బిల్లుకు సోమవారం రిమైండరు వెళ్ళిందంటే, "మీకు మీ లెక్కలే తెలియవు" అని ఆ తర్వాత వచ్చే నిజమైన రిమైండర్లను కూడా తోసేస్తారు. ఇంకో సంగతి, అకౌంట్స్‌వాళ్ళు అందరికీ రిమైండర్లు పంపుతారు, తమకు తాము పంపుకోరు. మన బిల్లులో 21 రోజులు వాళ్ళవే కదా. వాళ్ళ దగ్గరే ఆగిన బిల్లుల జాబితా ప్రతి సోమవారం ఫైనాన్స్ మేనేజరు టేబుల్ మీద ఉండాలి.

చివరగా ఆ 90 రోజులు దాటిన 60,000 రూపాయల సంగతి. ఈ గడిలో ఉన్నవాటికి రిమైండర్లు పంపుతూ కూర్చోవడం వృథా. విప్పి చూస్తే మూడే బిల్లులు ఉన్నాయనుకుందాం. 22,000 రూపాయల బిల్లు పెట్టినతను మార్చిలోనే ఉద్యోగం మానేశాడు. అతని ఆఫీసు మెయిలుకు వారం వారం రిమైండరు పోతూనే ఉంది, చదివే మనిషి లేడు. దాన్ని అతని చివరి సెటిల్‌మెంటులో కలిపి బ్యాంకు ఖాతాకు పంపితే అయిపోతుంది. 6,500 రూపాయల బిల్లు కాగితాలు ఎక్కడో పోయాయి. బిల్లు పెట్టినవాడి దగ్గర ఫోన్లో తీసుకున్న ఫొటోలు ఉంటే, మేనేజరు ధ్రువీకరిస్తే, డూప్లికేట్ అని రాసి చెల్లించవచ్చు. అసలు కాగితాలు తర్వాత దొరికితే రెండోసారి చెల్లించకుండా పాత నంబరు మీదే ఆ మాట రాసిపెట్టాలి.

మిగిలింది 31,500. ఎగ్జిబిషన్ కోసం ఢిల్లీ పోయిన ఒకరి బిల్లు. కంపెనీ ఒప్పుకున్న గది అద్దె కన్నా ఎక్కువ అద్దె ఉన్న హోటల్లో ఉన్నాడు. ఎగ్జిబిషన్ రోజుల్లో వేరే గది దొరకలేదని అతను అంటాడు, నియమం నియమమే అని అకౌంట్స్ అంటుంది. ఐదు నెలలుగా ఎవరూ అవునని రాయలేదు, కాదని రాయలేదు. ఈ బిల్లుకు కావాల్సింది పైవాళ్ళ నిర్ణయం. ఒప్పుకున్న అద్దె మేరకు ముందే ఇచ్చేసి, అదనపు మొత్తం మీద ఇస్తామో ఇవ్వమో కారణంతో రాసి సంతకం పెట్టాలి. ఇవ్వం అని రాసినా సరే, ఆ రోజుతో ఆ బిల్లు రిపోర్టులోంచి బయటికి వెళ్తుంది. కాదని తెలిస్తే ఆ మనిషి ఇంకెవరినైనా అడుక్కుంటాడు, అవునని తెలిస్తే ఆ నెల అప్పు తీర్చుకుంటాడు.